రాగి, ఇత్తడి మీద చిలుము: రంగును బట్టి రసాయన మార్పును గుర్తించడం, తగిన వైద్యం చేయడం

పాత్ర మీద ఆకుపచ్చ చిలుము కనిపించగానే చాలామంది నిమ్మచెక్క, ఉప్పు అందుకుంటారు. పది నిమిషాల్లో లోహం తళతళలాడుతుంది. కొన్నాళ్లకు అదే చోట ఆకుపచ్చ మళ్లీ తేలుతుంది. ఈసారి అది ముందుకన్నా లేతగా, పొడిపొడిగా ఉంటుంది. తోమడంలో లోపమేమీ లేదు. ఉప్పులోని క్లోరైడ్ లోహపు సన్నని గుంటల్లో, అతుకుల్లో మిగిలిపోయి, గాలిలోని తేమతో కలిసి కొత్త చిలుమును పుట్టించింది. ఆ పాత చిలుము ఏ పదార్థమో ముందే తెలుసుకుని ఉంటే ఉప్పు జోలికి వెళ్లాల్సిన పనే ఉండేది కాదు.

ఆకుపచ్చ అనేది ఒక్క పదార్థం కాదు, నలుపు కూడా అంతే. రంగు మనకు అనుమానితుల జాబితాను మాత్రమే ఇస్తుంది. వాళ్లలో అసలైనది ఏదో తేల్చాలంటే ఆ పొర ఎక్కడ పట్టిందో, వేలికి ఎలా తగులుతుందో, నీటికీ పులుపుకూ ఎలా స్పందిస్తుందో చూడాలి.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది

రాగి పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోతే Cu⁺ అవుతుంది, రెండు కోల్పోతే Cu²⁺ అవుతుంది. ఈ మార్గదర్శిలో వచ్చే చాలా రంగులకు ఈ తేడాయే మూలం.

మెరిసే కొత్త రాగికి గాలి తగలగానే పుట్టే మొదటి పొర కుప్రస్ ఆక్సైడ్, Cu₂O. ఇందులో రాగి Cu⁺ రూపంలో ఉంటుంది. పొర మందం కొన్ని నానోమీటర్లే అయినప్పుడు కంటికి ఏమీ తెలియదు. పదుల నానోమీటర్లకు చేరితే గోధుమ, ఊదా, నీలి, బంగారు వన్నెలు కనిపిస్తాయి. నీటి మీద తేలే నూనె పొర లాగే, ఇక్కడ రంగు పొర మందం వల్ల కాంతి కలిసి విడిపోయే తీరుది, పదార్థానిది కాదు. అందుకే ఒకే రేకు మీద పక్కపక్కనే నాలుగు రంగులు కనిపించినంత మాత్రాన నాలుగు రసాయనాలు ఉన్నట్టు కాదు. పొర ఇంకా మందమైతే రంగు ఇటుక ఎరుపు కలిసిన గోధుమ దగ్గర నిలిచిపోతుంది. ఇది లోహానికి గట్టిగా అంటుకుని ఉంటుంది, ఒకరకంగా కాపు కాస్తుంది కూడా. ఊరికే గోధుమ రంగుకు తిరిగిన రాగికి వైద్యం అవసరం లేదు.

రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన Cu²⁺ నీటితోనూ, గాలిలోని ఆమ్లాల శేషాలతోనూ కలిసి లవణంగా మారితే, ఆ లవణం కాంతిలోని ఎరుపు భాగాన్ని పీల్చుకుంటుంది. మిగిలిన నీలం, ఆకుపచ్చ మన కంటికి చేరతాయి. Cu⁺ లవణాలు ఆ ఎరుపును పీల్చుకోవు. కుప్రస్ క్లోరైడ్, CuCl, దాదాపు తెల్లగా, మైనపు ముద్దలా ఉంటుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన ఈ పదార్థం ఆకుపచ్చ పొర కింద కంటపడకుండా దాక్కోవడానికి కారణం అదే.

నలుపు: ఆక్సైడా, సల్ఫైడా

రాగిని గాలిలో బాగా వేడి చేస్తే పైన నల్లని కుప్రిక్ ఆక్సైడ్, CuO, ఏర్పడుతుంది. దాని కింద ఎర్రని Cu₂O పొర ఉంటుంది. వేడి మీద ఉన్న ముక్క చల్లబడేటప్పుడు లోహమూ పొరా వేర్వేరు మేర కుంచించుకుంటాయి కాబట్టి నల్ల పొర పెచ్చులుగా రాలుతుంది. పెచ్చు ఊడిన చోట ఎరుపు కనిపిస్తే అది వేడి వల్ల పుట్టిన నలుపే. మంట తగిలే అడుగు భాగంలో దీన్ని చూస్తాం.

మంట సోకని చోట, అలమరలో ఊరికే ఉన్న వస్తువు నల్లబడితే అనుమానించాల్సింది గంధకాన్ని. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాసనకు అందనంత తక్కువగా ఉన్నా రాగి దాన్ని పట్టుకుంటుంది:

`4Cu + 2H₂S + O₂ → 2Cu₂S + 2H₂O`

గంధకంతో గట్టిపరిచిన రబ్బరు, ఉన్ని, గుడ్డు, మురుగు కాలువ, ఇవి సాధారణంగా ఆ వాయువుకు మూలాలు. రబ్బరు బ్యాండు చుట్టి దాచిన వస్తువు మీద సరిగ్గా బ్యాండు ఉన్న గీత మేర నలుపు పడటం దీనికి తిరుగులేని గుర్తు.

రెండింటినీ విడదీసే పరీక్ష సులువైనది. 100 మిల్లీలీటర్ల నీటిలో 5 గ్రాముల సిట్రిక్ ఆమ్లం కరిగించి, దూది పుల్లతో నలుపు మీద ఒక చుక్క పెట్టి 5 నిమిషాలు ఆగి తుడవండి. ఆక్సైడ్ అయితే కరిగి, దూదికి లేత నీలి ఆకుపచ్చ అంటుతుంది. పొర మందంగా ఉంటే ఇంకో రెండు సార్లు పెట్టాల్సి రావచ్చు. సల్ఫైడ్ అయితే బలహీనమైన ఆమ్లానికి లొంగదు, నలుపు నలుపుగానే ఉంటుంది.

ఈ పరీక్ష తప్పుదారి పట్టించే సందర్భం ఒకటుంది. వస్తువు మీద లక్క లాంటి పారదర్శక పూత గానీ, జిడ్డు గానీ ఉంటే ఆమ్లం లోహం దాకా చేరదు. అప్పుడు ఏ నలుపైనా సల్ఫైడ్‌లాగే మొండికేస్తుంది. అందుకే పరీక్షకు ముందు ఆ చోటును సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, అసిటోన్‌లో ముంచిన దూదితో తుడవాలి. దూది జిగటగా లేదా పసుపుగా మారితే పూత ఉన్నట్టే. నలుపు వంకర టింకర దారాల్లా పాకి ఉన్నా పూత పగిలి లోపలికి గాలి చొరబడిందని అర్థం. అలాంటప్పుడు పూతనంతా తీసేయకుండా పైపైన ఎంత రుద్దినా ఫలితం ఉండదు.

ఆకుపచ్చలో ఎన్ని రకాలు

బడి పుస్తకాల్లో రాగి చిలుము అంటే క్షార కార్బొనేట్ అని ఉంటుంది:

`2Cu + O₂ + H₂O + CO₂ → Cu₂CO₃(OH)₂`

ఆ సమీకరణం సరైనదే. కానీ ఆరుబయట వానకు తడిసే రాగి కప్పుల మీదా, విగ్రహాల మీదా ఎక్కువగా ఉండేది కార్బొనేట్ కాదు, క్షార సల్ఫేట్: Cu₄SO₄(OH)₆. బొగ్గు, చమురు మండగా గాలిలో చేరిన సల్ఫర్ డయాక్సైడ్ దానికి మూలం. సముద్రం దగ్గర క్షార క్లోరైడ్ కూడా కలుస్తుంది. న్యూయార్క్‌లో 1886లో నిలబెట్టిన స్వేచ్ఛా ప్రతిమ మొదట గోధుమ రంగులో ఉండేది. పూర్తిగా ఆకుపచ్చగా మారడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. దాని రేకు మందం సుమారు 2.4 మిల్లీమీటర్లు, ఆ చిలుము పొరే నేటికీ దాన్ని కాపాడుతోంది. ఇలా గట్టిగా, సమంగా, నీటికి కరగకుండా పట్టిన ఆకుపచ్చను గీకడం లోహానికి హాని చేయడమే.

ఇంటి లోపల కనిపించే ఆకుపచ్చ మాత్రం సాధారణంగా వేరే కుటుంబాలకు చెందినది. వాటిని ఇలా విడదీయాలి.

మొదట ఒక పంటిపుల్లతో మెల్లగా గీరి చూడండి. మైనంలా మెత్తగా, జిగురుగా, మెరిసే ముదురు ఆకుపచ్చగా వస్తే అది కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి ఏర్పడిన ఒకరకం సబ్బు. పాత పాలిష్, నూనె, తోలు, తేనెమైనం తగిలిన చోట, నగిషీ గీతల్లో ఇది కూర్చుంటుంది. తెల్ల స్పిరిట్‌లో లేదా మినరల్ టర్పెంటైన్‌లో ముంచిన దూదికి కరిగి వచ్చేస్తుంది.

మైనంలా లేకపోతే, స్వేదన జలంలో తడిపిన దూదితో ఒత్తండి. దూది వెంటనే నీలి ఆకుపచ్చగా మారితే అది నీటిలో కరిగే లవణం. వినెగర్ ఆవిరి తగిలిన చోట పుట్టే రాగి అసిటేట్ ఇందులో ముఖ్యమైనది. ఇది విషపదార్థం, కాబట్టి చేతులకు నైట్రైల్ తొడుగులు ఉండాలి, ఎండిన పొడిని ఊదకూడదు. పులుపు పదార్థాలను కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో నిలవ ఉంచకూడదనే జాగ్రత్త ఇలాంటి లవణాల వల్లే వచ్చింది.

నీటికి కరగకపోతే ఒక చుక్క వినెగర్ పెట్టి భూతద్దంతో చూడండి. సన్నని బుడగలు లేస్తే కార్బొనేట్. బుడగలు లేకపోతే సల్ఫేటో, క్లోరైడో మిగులుతాయి. ఈ రెండింటి మధ్య తేడా తెలుసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే సల్ఫేట్ అక్కడితో ఆగుతుంది, క్లోరైడ్ ఆగదు.

క్లోరైడ్ ఎందుకు ఆగదు

లోహాన్ని ఆనుకుని దాక్కున్న CuCl కు తేమ, ఆక్సిజన్ అందితే ఇలా జరుగుతుంది:

`4CuCl + O₂ + 4H₂O → 2Cu₂(OH)₃Cl + 2HCl`

లేత ఆకుపచ్చ పొడి బయటికి వస్తుంది, దాంతోపాటు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం కింద ఉన్న రాగిని తిని మళ్లీ CuCl చేస్తుంది:

`4Cu + 4HCl + O₂ → 4CuCl + 2H₂O`

మళ్లీ మొదటికి వచ్చాం. ప్రతి చుట్టులోనూ కొంత క్లోరైడ్ పొడిలో చిక్కినా, మిగిలినది లోహాన్ని తింటూనే ఉంటుంది. గుండుసూది మొనంత చుక్కలు గుంటలవుతాయి. మ్యూజియంలలో దీన్ని కంచు రోగం అంటారు, రాగికీ ఇత్తడికీ కూడా ఇది వస్తుంది. సాపేక్ష తేమ 40 శాతం కిందికి వస్తే చర్య దాదాపు నిలిచిపోతుంది, పెరిగితే తిరిగి మొదలవుతుంది.

చర్య ఇంకా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి రసాయనాలు అక్కర్లేదు. వదులుగా ఉన్న పొడిని చెక్క పుల్లతో తీసేసి, ఆ చోటును ఫోటో తీసి, వస్తువును మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. పక్కన తడి దూది ఉంచండి, అది వస్తువుకు తగలకూడదు. 24 నుంచి 48 గంటల్లో కొత్త లేత ఆకుపచ్చ చుక్కలు పొడిస్తే అది క్రియాశీల క్లోరైడే. కొత్తవి రాకపోతే అది చాలాకాలం క్రితం ఆగిపోయిన చిలుము కావచ్చు, దాన్ని అలాగే ఉంచవచ్చు.

రసాయన నిర్ధారణ కావాలంటే ఆవగింజలో సగమంత పొడిని 1 మిల్లీలీటరు స్వేదన జలంలో వేసి, రెండు చుక్కల సజల నత్రికామ్లంతో కరిగించి, 1 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఒకటి రెండు చుక్కలు వేయాలి. తెల్లగా విరిగిన పాలలా మబ్బు కడితే క్లోరైడ్. కుళాయి నీటిలోనే క్లోరైడ్ ఉంటుంది కాబట్టి ఆ నీటితో చేస్తే ప్రతి వస్తువూ రోగిలాగే తేలుతుంది. ముందుగా పొడి వేయకుండా ఒట్టి స్వేదన జలంతో ఇదే పరీక్ష చేసి, మబ్బు రావడం లేదని చూసుకోండి. సిల్వర్ నైట్రేట్ చర్మానికి తగిలితే నల్లమచ్చ పడి చాలా రోజులు పోదు.

ఇత్తడి అదనంగా చెప్పేవి

ఇత్తడిలో రాగితో పాటు జింకు ఉంటుంది, రోజువారీ ఇత్తడిలో దాదాపు మూడోవంతు. జింకు రాగికన్నా త్వరగా చర్యలో పాల్గొంటుంది. ఆమ్లంలోనో, ఉప్పునీటిలోనో ఎక్కువసేపు ఉంటే జింకు కరిగిపోయి స్పంజి లాంటి రాగి మిగులుతుంది. పసుపు మధ్యలో గులాబీ మచ్చలు కనిపిస్తాయి.

అయితే ప్రతి గులాబీ మచ్చా ఇంత ప్రమాదకరం కాదు. Cu₂O పొర ఆమ్లంలో కరిగేటప్పుడు అందులోని రాగిలో సగం ద్రావణంలోకి పోతుంది, సగం సన్నని రాగి పొడిగా లోహం మీదే దిగుతుంది. అది కూడా గులాబీగానే కనిపిస్తుంది. మెత్తని సుద్దపొడి ముద్దతో రుద్దితే అది పోతుంది. పోకుండా, సూది మొనకు మెత్తగా, గరుకుగా తగిలితే జింకు పోయినట్టే. పోయిన జింకును తిరిగి చేర్చే మార్గం లేదు, ఆ చోట గోడ బలహీనపడింది. నీరు నిలిపే పాత్రయితే కారుతుందేమో చూసుకోవాలి.

నీలం కనిపిస్తే మాత్రం వెంటనే ఆపి ఆలోచించండి. ముదురు నీలం అమోనియా గుర్తు. అమోనియాకూ లోహంలో మిగిలిన ఒత్తిడికీ జత కుదిరితే ఇత్తడి ఒక్కసారిగా చీలుతుంది. బ్రిటిష్ పాలనాకాలంలో భారతదేశంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో ఇలాగే పగిలేవి. అందుకే అమోనియా ఉన్న పాలిష్‌లు రేకును వంచి, సాగదీసి చేసిన ఇత్తడి వస్తువులకు వాడకపోవడం మంచిది.

ఒక వస్తువును చదవడం: పిడి ఉన్న ఇత్తడి కూజా

కూజా ఒళ్లంతా గోధుమ నలుపు. పిడి అతికిన చోట లేత ఆకుపచ్చ పొడి. నగిషీ గీతల్లో ముదురు ఆకుపచ్చ. లోపల అడుగున గులాబీ మచ్చ. నాలుగూ నాలుగు చర్యలు, వైద్యం చేసే వరుస కూడా ముఖ్యం.

అన్నిటికన్నా ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది ఇనుము మీద ఇత్తడి పూత, రుద్దితే పూత పోతుంది. అంటకపోతే గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, మెత్తని బట్టతో ఒత్తి, ఆరనివ్వండి. తర్వాత నగిషీ. పంటిపుల్లకు మైనంలా వచ్చింది, మినరల్ టర్పెంటైన్‌కు కరిగింది, కాబట్టి పాత పాలిష్ మిగులు. గాలి ఆడే చోట, మంటకు దూరంగా, మెత్తని బ్రష్‌తో తీసేయాలి. జిడ్డు ముందే పోవడం వల్ల తర్వాతి పరీక్షలు నమ్మదగినవవుతాయి.

అతుకు దగ్గరి పొడి వినెగర్‌కు బుడగలు ఇవ్వలేదు, తేమ డబ్బాలో రెండో రోజుకు కొత్త చుక్కలు తేలాయి. అతుకు బాగా పట్టడానికి రాసిన ఫ్లక్స్‌లో జింకు క్లోరైడో, అమోనియం క్లోరైడో ఉండి, సరిగా కడగకపోతే ఏళ్ల తరబడి ఇలా నడుస్తుంది. దీన్ని రుద్దితే లాభం లేదు. పొడిని వెదురు పుల్లతో తీసేసి, ఆ భాగం మునిగేలా స్వేదన జలంలో ఉంచి, రోజూ నీరు మార్చాలి. మార్చే ముందు ఆ నీటికి సిల్వర్ నైట్రేట్ పరీక్ష చేయండి. మొదటి రోజుల్లో మబ్బు చిక్కగా, తర్వాత పలచగా కనిపిస్తుంది. మూడు రోజులు వరసగా మబ్బు రాకపోతే ఆపవచ్చు. ఇందుకు వారాలు పట్టవచ్చు. బోలు పిడి లోపల నీరు ఉండిపోతే కష్టం మళ్లీ మొదలవుతుంది కాబట్టి, చివర్లో ఇథైల్ ఆల్కహాల్‌తో కడిగి, వెచ్చని గాలిలో రోజంతా ఆరబెట్టాలి. ఆల్కహాల్ దగ్గర మంట ఉండకూడదు.

ఒంటి మీది నలుపు మీద పెట్టిన సిట్రిక్ ఆమ్లపు చుక్కకు అంచుల్లో గోధుమ పోయింది, నడుమ నలుపు అలాగే ఉంది. అంటే ఆక్సైడ్, సల్ఫైడ్ రెండూ ఉన్నాయి. నలుపు ముద్ర గుండ్రంగా ఉండటం చూస్తే కూజాను రబ్బరు చాప మీద తలకిందులుగా ఉంచారని తెలుస్తోంది. ఆమ్లంలో ముంచి ఉంచితే సల్ఫైడ్ పోదు, ఈలోగా చుట్టూ ఉన్న జింకు పోతుంది. కాబట్టి సిట్రిక్ ద్రావణాన్ని దూదితో అద్ది, ఒక్కో చోట 2 నిమిషాలకు మించి ఉంచకుండా, అర లీటరు నీటికి 5 గ్రాముల వంటసోడా కలిపిన నీటితో తుడిచి, మంచినీటితో కడగాలి. ఉప్పు వేయకూడదు. మిగిలిన సల్ఫైడ్‌ను మెత్తని సుద్దపొడి, నీరు కలిపిన ముద్దతో ఒకే దిశలో రుద్దాలి. దీంతో పొరతో పాటు ఇసుమంత లోహమూ పోతుంది, అందుకే నలుపు పూర్తిగా పోయేదాకా పట్టుపట్టకుండా, గీతల్లో కొంత వదిలేయడం మేలు.

లోపలి గులాబీ సుద్దకు పోలేదు, సూదికి మెత్తగా తగిలింది. జింకు పోయిన చోటు అది. దాన్ని మెరుగు పెట్టే ప్రయత్నం వదిలేసి, కూజాలో నీరు నింపి కింద పొడి కాగితం పరిచి రాత్రంతా ఉంచండి. కాగితం తడిస్తే దానికి కళాయి పెట్టేవారి సాయం కావాలి. పొడిగా ఉన్నా అందులో పులుపు, ఉప్పు నిలవ ఉంచకూడదు.

పని పూర్తయ్యాక పలచగా మైక్రోక్రిస్టలైన్ మైనం రాసి, అరగంట తర్వాత మెత్తని బట్టతో తుడవండి. తేనెమైనం వాడితే అందులోని ఆమ్లాలు నగిషీ గీతల్లో మళ్లీ ఆకుపచ్చ సబ్బును తయారుచేస్తాయి. రబ్బరు చాప తీసేసి శుభ్రమైన నూలు బట్ట పరచండి. అతుకు దగ్గర మాత్రం నెలకోసారి భూతద్దంతో చూడాలి. లేత ఆకుపచ్చ చుక్క ఒక్కటి తేలినా మళ్లీ స్వేదన జలం దగ్గరికే వెళ్లాలి.